బొటనవేలి ఆపరేషన్ తరువాత ఏ షూ వేసుకోవాలి, ఎప్పుడు విప్పాలి

బునియన్‌కు, అంటే బొటనవేలు పక్కకు ఒరిగి దాని మొదట్లో ఎముక పొడుచుకు వచ్చినందుకు, ఆపరేషన్ చేయించుకుని మా ఫిజియోథెరపీ గదికి వచ్చేవారిలో చాలామంది, ఆసుపత్రిలో ఇచ్చిన షూను చేతిలో పట్టుకుని అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "ఇది చెక్కలా ఉందండీ, ఇంతకంటే మెత్తటిది దొరకదా?" ఆ చెక్కతనమే ఆ షూ చేసే పని. నొప్పిగా ఉన్న కాలికి మెత్తటిది వేయాలన్నది మనకు అలవాటైన ఆలోచన. మధుమేహం ఉన్నవారికి ఎమ్.సి.ఆర్. అనే మెత్తటి రబ్బరు చెప్పులు రాసివ్వడం చూసి ఆ ఆలోచన మరింత బలపడింది. ఎమ్.సి.ఆర్. చెప్పు అరికాలిపై ఒత్తిడిని పరచి పుండ్లు పడకుండా చూస్తుంది గాని, వేళ్ల మొదట్లో పాదం వంగకుండా ఆపలేదు. ఎముక కోసి స్క్రూ వేసిన కాలికి ముందుగా కావలసింది ఆ వంపు ఆగడం.

మనం నడిచేటప్పుడు మడమ లేచి, వేళ్లు నేలకు ఆని, బొటనవేలి మొదలు కీలు వెనక్కి వంగుతుంది. మామూలు నడకలో ఈ వంపు 40 నుంచి 60 డిగ్రీల దాకా ఉంటుంది. ఆ క్షణంలో శరీర బరువులో పెద్ద భాగం ఆ కీలు వెనకనే ఉన్న పొడవాటి ఎముక తలమీద పడుతుంది. బునియన్ సరిచేయడానికి సర్జన్ సాధారణంగా కోసేది ఆ ఎముకనే. కోసిన ముక్కను పక్కకు జరిపి ఒకటో రెండో స్క్రూలతో బిగిస్తారు. స్క్రూ ఎంత గట్టిదైనా ప్రతి అడుగులోనూ ముక్క పైకి ఎగదన్నబడుతుంటే పట్టు సడలే ప్రమాదం ఉంటుంది. అడుగు వంగని షూ ఈ ఎగదన్నడాన్ని తగ్గిస్తుంది. ఒక్క విషయం మాత్రం మరవకూడదు: షూ వేలిని నిటారుగా పట్టి ఉంచదు. ఆ పని లోపలి స్క్రూలదీ, వేలి చుట్టూ ఒక పద్ధతిలో చుట్టిన కట్టుదీ. అందుకే షూ ఉంది కదా అని కట్టును ఇంట్లో విప్పి చుట్టుకోవడం మంచిది కాదు.

మూడు రకాలు, మూడు రకాల పనులు

మన ఊళ్లలోని సర్జికల్ దుకాణాల్లో దొరికే వాటిని మూడు రకాలుగా విడదీయవచ్చు. మొదటిది బల్లపరుపు షూ. ముందు చతురస్రంగా తెరిచి ఉంటుంది, పైన వెల్‌క్రో పట్టీలుంటాయి, అడుగు మొత్తం ఒకే మందంలో గట్టిగా ఉంటుంది లేదా ముందు కొంచెం పైకి వంపు తిరిగి ఉంటుంది. రెండవది మడమ షూ. దీన్ని వెడ్జ్ షూ అనీ, ఫ్రాన్స్‌కు చెందిన ఒక పాద శస్త్రవైద్యుని పేరుమీద బరూక్ షూ అనీ అంటారు. దీని అడుగు మడమ కింద మందంగా ఉండి ముందుకు వచ్చేసరికి ఖాళీ అవుతుంది. అంటే వేళ్లు గాలిలో తేలుతుంటే బరువంతా మడమమీద పడుతుంది. మూడవది పిక్క మధ్య దాకా వచ్చే బూటు, వాకింగ్ బూట్. ఇది చీలమండను కూడా కదలనివ్వదు.

కాగితంమీద చూస్తే మడమ షూ గెలుస్తుంది. పాదం ముందు భాగంమీది బరువును అది దించినంతగా బల్లపరుపు షూ దించలేదు. బల్లపరుపు షూ వంపును ఆపుతుంది గాని, రోగి మామూలుగా అడుగు వేస్తే బరువు ముందుకు వచ్చి తీరుతుంది. అయినా యాభై దాటినవారికి, స్క్రూలతో గట్టిగా బిగించిన సాధారణ బునియన్ ఆపరేషన్ అయినవారికి, సర్జన్ ఒప్పుకుంటే నేను బల్లపరుపు షూ వైపే మొగ్గుతాను. కారణం పడిపోవడం. మడమ షూలో నిలబడడమంటే మడమంత చోటుమీద నిలబడడమే. శరీరం వెనక్కి తూలుతుంది, మోకాలు ముందుకు వంగుతుంది, రెండో రోజుకల్లా నడుము పట్టేస్తుంది. పిక్కను మడమకు కలిపే స్నాయువు బిగువుగా ఉన్నవారైతే అలా పాదాన్ని పైకి ఎత్తి ఉంచలేక, తెలియకుండానే షూ ముందు అంచును నేలకు ఆనిస్తారు; అప్పుడు ఆ షూ వేసుకున్న ప్రయోజనం పోయి తూలుడు మాత్రం మిగులుతుంది. నేలకు ఆనిందో లేదో వారం తరువాత షూ తిరగేసి ముందు అంచు చూస్తే తెలుస్తుంది. అక్కడ అరుగుదల ఉంటే కాలు పని చేస్తోంది గాని షూ కాదు.

మడమ షూ కొన్నిచోట్ల మాత్రం తప్పదు. అనేక వేళ్ల ఎముకలు ఒకేసారి కోసినప్పుడు, ఎముక పలచబడి స్క్రూ పట్టు అంతంతమాత్రంగా ఉందని సర్జన్‌కు అనిపించినప్పుడు, అరికాలి ముందు భాగంలో కోత ఉన్నప్పుడు అది అవసరం. అటువంటప్పుడు వాకర్ గాని, రెండు చేతి కర్రలు గాని లేకుండా ఆ షూ ఇవ్వకూడదని నా అభిప్రాయం. ఇక వాకింగ్ బూట్ అవసరం ఎక్కువగా పాదం మధ్యలో కీలును అతికించే లాపిడస్ ఆపరేషన్‌లో వస్తుంది. అక్కడ కోత వేళ్ల దగ్గర కాదు, బొటనవేలి ఎముక వెనక కొనలో. పొడవాటి మీటలా పనిచేసే ఆ ఎముక మొదట్లో ఉన్న అతుకును చిన్న షూ కాపాడలేదు. సర్జన్ పద్ధతిని బట్టి 2 నుంచి 6 వారాలు ఆ కాలిమీద బరువే వేయనివ్వరు, ఆ తరువాత కొన్ని వారాలు బూటుతో నడిపిస్తారు. ఆ ఆపరేషన్ అయినవారు పక్కింటివారి బునియన్ షూను చూసి పోల్చుకుంటే పొరపాటు పడతారు. రెండింటికీ పేరు ఒకటే గాని, లోపల జరిగిన పని వేరు.

గోరు తీసిన చిన్న ఆపరేషన్‌కు ఇవేవీ అక్కర్లేదు. ముందు తెరిచి ఉండి, కట్టుకు తగలని వెడల్పాటి శాండల్ చాలు.

గడప దగ్గర జరిగిన సంగతి

ఒకసారి మా దగ్గరికి 58 ఏళ్ల విశ్రాంత ఉపాధ్యాయిని వచ్చారు. కుడి బొటనవేలి ఎముకకు V ఆకారంలో పెట్టే చెవ్రాన్ కోత, ఒక స్క్రూ. రెండో వేలు సుత్తిలా వంగి ఉంటే దాన్ని సరిచేసి కె-వైర్ అనే సన్నని తీగ పెట్టారు. తీగ కొన వేలి చివర బయటికి వచ్చి, దానిమీద చిన్న ప్లాస్టిక్ బొడిపె ఉంది. ఇంటికి పంపేటప్పుడు మడమ షూ ఇచ్చారు. నాలుగో రోజున ఆమె వంటగది గడప దాటుతుండగా గాలిలో తేలుతున్న షూ ముందు అంచు గడపకు తగిలి తూలారు. అదృష్టం బాగుండి పక్కనే ఉన్న తలుపును పట్టుకున్నారు. మన పాత ఇళ్లలో గడపలు రెండంగుళాల ఎత్తు తక్కువ ఉండవు. ఆ షూను తయారుచేసినవారు ఈ గడపలను లెక్కలోకి తీసుకుని ఉండరు.

అడిగితే ఇంకో సంగతి బయటపడింది. పూజగది పక్కనే ఉండడంవల్ల ఆమె ఇంట్లో షూ వేసుకోవడమే మానేశారు. వాకిట్లో విప్పి, లోపల మడమమీద ఉత్త కాలితో నడుస్తున్నారు. బయటికి ఆమె రోజూ వెళ్లేది లేదు. అంటే వేసుకోవలసిన అడుగుల్లో నూటికి తొంభై అడుగులు ఉత్త కాలితోనే పడుతున్నాయి. ఇలా చేసేవారు ఆమె ఒక్కరే కారు. వాకిట్లో చెప్పులు విడవడం మనకు శరీరంలో ఇంకిపోయిన అలవాటు. అందుకే ఇప్పుడు నేను ముందే చెబుతున్నాను: ఈ షూ బయట తిరగడానికి కాదు, ఇంట్లో తిరగడానికి. వీధిలోకి పోయినప్పుడు అడుగున ఒక పాత సంచి కట్టుకుని, ఇంటికి రాగానే అది తీసేస్తే లోపల అదే షూతో నడవవచ్చు. రాత్రి బాత్‌రూముకు లేచినప్పుడు వేసే నాలుగు అడుగులు కూడా షూతోనే వేయాలి; పడుకున్నప్పుడు విప్పవచ్చా లేదా అన్నది సర్జన్‌ను అడగాలి, చాలామంది ఒప్పుకుంటారు.

ఆమె సర్జన్‌తో ఫోనులో మాట్లాడాము. స్క్రూ పట్టు బాగుందని, బల్లపరుపు షూతో వాకర్ పట్టుకుని నడవవచ్చని ఆయన అన్నారు. షూ మార్చాము. మార్చాక కొత్త ఇబ్బంది వచ్చింది: కుడి కాలు షూవల్ల రెండున్నర సెంటీమీటర్లు ఎత్తు పెరిగింది, ఎడమ కాలు ఉత్తదే. రెండు రోజుల్లో ఎడమ తుంటి నొప్పి మొదలైంది. మందమైన అడుగున్న పాత స్పోర్ట్స్ షూ ఒకటి బాగా కడిగి ఎడమ కాలికి వేయించాము. ఇది చాలా చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, తుంటి నొప్పికి మందులు మింగినవారిని నేను చూశాను.

నడక ఎలా ఉండాలో కూడా చెప్పాలి. ఆపరేషన్ అయిన కాలును పొట్టి అడుగుతో ముందు పెట్టి, మంచి కాలును దాని పక్కకు తెచ్చి ఆపాలి. దాన్ని దాటించి ముందుకు వేయకూడదు, దాటిస్తేనే వెనక కాలి వేళ్లు నేలను తన్నుతాయి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు. బొటనవేలిని కాపాడుకోవాలని పాదం బయటి అంచుమీద నడవడం తరచుగా చూసే తప్పు. పదిహేను రోజులకు చిటికెనవేలి వైపు ఎముక నొప్పి మొదలవుతుంది. ఇక ఇండియన్ టాయిలెట్‌లో గొంతుకు కూర్చుంటే వేళ్లు పూర్తిగా వంగి బరువంతా వాటిమీదే పడుతుంది. షూ ఎంత మంచిదైనా ఆ ఒక్క భంగిమ దాని పనిని రద్దు చేస్తుంది. షూ వేసుకునే ఆరు వారాలూ కమోడ్ కుర్చీ ఏర్పాటు చేసుకోక తప్పదు.

పట్టీల బిగింపు రోజంతా ఒకేలా ఉండదు. పాదం సాయంత్రానికి ఉబ్బుతుంది. వేలి గోరును నొక్కి వదిలితే తెల్లబడి, రెండు మూడు క్షణాల్లో మళ్లీ గులాబీ రంగు రావాలి. రాకపోయినా, వేళ్లు తిమ్మిరెక్కినా పట్టీ వదులు చేయాలి. వదులు చేసి, కాలు గుండె ఎత్తుకంటే పైకి పెట్టి పడుకున్నా అరగంటలో తేడా రాకపోతే సర్జన్‌కు కబురు చేయాలి. మధుమేహంవల్ల కాలికి స్పర్శ తగ్గినవారికి నొప్పి కబురు చెప్పదు కాబట్టి, వారు రోజూ షూ లోపల చేయి పెట్టి గరుకుగా ఏదైనా ఉందేమో తడిమి చూడాలి, కట్టు అంచుల దగ్గర చర్మాన్ని ఇంట్లో ఇంకొకరితో చూపించుకోవాలి.

మామూలు చెప్పులకు ఎప్పుడు

"ఆరు వారాలండీ" అని అందరూ చెబుతారు. ఆ మాట తప్పు కాదు గాని, అది గడువు కాదు. ఎముక అంటుకునే సమయాన్ని బట్టి వేసిన అంచనా. సాధారణ బునియన్ కోతకు ఆరో వారం దగ్గర ఎక్స్‌రే తీసి చూస్తారు. ఆ ఎక్స్‌రేలో కోత గీత ఇంకా పూర్తిగా మాయమై ఉండదు. స్క్రూ కదలలేదా, ముక్క జరగలేదా, వేలితో నొక్కితే కోత దగ్గర నొప్పి లేదా అన్నవి కలిపి సర్జన్ నిర్ణయిస్తారు. ఎక్స్‌రే తీయకుండా "నొప్పి లేదు కదా" అని షూ విప్పేయడం మాత్రం తొందరపాటు; నొప్పి చాలాసార్లు ఎముక కంటే ముందే తగ్గుతుంది. బొటనవేలి మొదలు కీలును పూర్తిగా అతికించిన ఆపరేషన్‌లో మరింత ఓపిక కావాలి. అక్కడ కదలిక అనేదే శత్రువు, రెండున్నర మూడు నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు. రెండో వేలి తీగ సాధారణంగా 4 నుంచి 6 వారాల మధ్య తీస్తారు. తీగ ఉన్నంతకాలం ముందు మూసి ఉన్న ఏ షూ వేయకూడదు, ఎందుకంటే దానికి తగిలే ప్రతి దెబ్బా నేరుగా ఎముకకు చేరుతుంది.

అవసరమైన దానికంటే ఎక్కువ రోజులు షూలో ఉండిపోవడానికి కూడా మూల్యం ఉంది, దీన్ని తక్కువమంది చెబుతారు. బొటనవేలి పైన పెరిగిన ఎముకను మాత్రం చెక్కి తీసిన ఆపరేషన్‌లో కుట్లు మానగానే, అంటే దాదాపు రెండు వారాలకే, కీలును కదిలించమంటారు. అక్కడ భయంతో ఆరు వారాలు చెక్క షూలో ఉంటే ఆపరేషన్ చేసి సంపాదించిన కదలికను పోగొట్టుకున్నట్లే. బునియన్ కోతలో సైతం సర్జన్ చెప్పిన రోజునుంచి, కూర్చుని ఉండగా వేలిని చేత్తో మెల్లగా పైకీ కిందికీ కదిలించాలి. మూడో నెలలో కూడా షూ వదలనివారి పిక్క కండ సన్నబడి, వేలు కొయ్యలా బిగుసుకుని, కొత్త బాధలు మొదలవుతాయి.

షూ విప్పి ఎందులోకి వెళ్లాలి? చెప్పుల్లోకి కాదు. హవాయి చెప్పు జారకుండా ఉండాలంటే వేళ్లు దాన్ని గోళ్లలా పట్టుకోవాలి, దాని మధ్య పట్టీ బొటనవేలికీ రెండో వేలికీ నడుమ, ఆపరేషన్ జరిగిన వేలి పక్కనే రాపిడి పెడుతుంది. మొదటి మజిలీ తాళ్లున్న స్పోర్ట్స్ షూ: ముందు వెడల్పుగా, మడమ ఎత్తు రెండు మూడు సెంటీమీటర్లకు మించకుండా, అడుగు గట్టిగా ఉండాలి. రెండు చేతులతో ముందూ వెనకా పట్టుకుని వంచితే వేళ్లు వంగే చోట కొంచెం వంగాలి, మధ్యలో మడతపడితే అది పనికిరాదు. కొనేముందు లోపలి మెత్తను బయటికి తీసి, సాయంత్రం, మేజోడు వేసుకుని దానిమీద నిలబడాలి. పాదం ఏ పక్కనా మెత్త అంచు దాటకూడదు, పొడవైన వేలికి ముందు బొటనవేలి వెడల్పంత చోటు మిగలాలి.

మన ఉపాధ్యాయిని గారికి ఐదో వారంలో తీగ తీశారు. ఓపీ గదిలోనే, మత్తు లేకుండా, పట్టకారుతో ఒక్క లాగుడు. ఆరో వారం ఎక్స్‌రే బాగుంది. పెట్టెలో దాచిన పాత బూట్లు వేసుకుంటానన్నారు. వాటి మెత్త ముందు భాగంలో ఎనిమిదిన్నర సెంటీమీటర్ల వెడల్పుంది, ఆ సాయంత్రం ఆమె పాదం కొలిస్తే దాదాపు పది సెంటీమీటర్లు వచ్చింది. ఇంక మాట్లాడవలసిన పని లేకపోయింది. కొత్త షూ వచ్చాక మొదటి రోజు ఇంట్లో ఒక గంట, మిగతా సమయం సర్జికల్ షూ. మర్నాడు ఉదయం లేవగానే పాదం చూసుకోవాలి. ముందురోజు ఉదయం కంటే వాపు పెరగకపోతే ఇంకో గంట కలపాలి, పెరిగితే రెండు రోజులు వెనక్కి తగ్గాలి. సాయంత్రం వాపు ఎలాగూ ఉంటుంది, దానితో లెక్క వేయకూడదు. ఉదయం వాపే అసలు కొలత. పది రోజులకు ఆమె సర్జికల్ షూను అటకెక్కించారు.

వెనక్కి తగ్గడం కాక ఆసుపత్రికే వెళ్లవలసిన సందర్భాలు వేరు. కోత దగ్గర ఒక్కసారిగా కొత్త నొప్పి పుట్టడం, వేలు మళ్లీ పక్కకో పైకో లేచినట్లు కనిపించడం, తీగ లోపలికో బయటికో జరగడం, చీము, జ్వరం ఇటువంటివి. పిక్కలో నొప్పితో వాపు వచ్చినా, ఆయాసం వచ్చినా తెల్లవారేదాకా ఆగకూడదు. అది సిరలో రక్తం గడ్డకట్టిన సూచన కావచ్చు.

బండి సంగతి చాలామంది చివరిలో, లేచి నిలబడి అడుగుతారు. మోటారుసైకిల్‌మీద గేరు ఎడమ కాలి వేళ్లతోనే పైకి ఎత్తాలి, బ్రేకు కుడి కాలితో నొక్కాలి. కాబట్టి ఏ కాలికి ఆపరేషన్ అయినా బండి నడపడానికి ఆగక తప్పదు. గేర్లు లేని స్కూటరుకు బ్రేకులు చేతిలో ఉన్నా, ఆగినప్పుడు కాలు ఆన్చాలి, గుంతలో అది ఏ కాలు అవుతుందో మన చేతిలో ఉండదు. సర్జికల్ షూతో కారు నడపకూడదు. దాని అడుగు పెడల్‌ను తెలియనివ్వదు, అంచు పక్క పెడల్‌కు తగులుకుంటుంది. మామూలు షూలోకి మారి, ఆగి ఉన్న కారులో బ్రేకును ఒక్కసారిగా పూర్తిగా నొక్కినా నొప్పి రాని రోజున సర్జన్‌ను అడిగి మొదలుపెట్టాలి.

ఆ ఉపాధ్యాయిని గారి తొందర బండి గురించి కాదు, మెట్టెల గురించి. ఆపరేషన్‌కు ముందు తీసినవి అవి, రెండో నెలలోనే పెట్టుకుంటానన్నారు. తీగ పెట్టిన వేలి వాపు మిగతా వేళ్లకంటే చాలా ఆలస్యంగా తగ్గుతుంది, కొందరికి ఆరు నెలలు దాటుతుంది. ఉబ్బే వేలికి బిగువైన మెట్టె తాడులా పట్టేస్తుంది. ఆమె ఐదో నెలదాకా ఆగారు. అప్పటికీ ఉదయం సరిపోయిన మెట్టె సాయంత్రం బిగిసింది. కంసాలి దగ్గర వెనక భాగం తెరిపించి, కొంచెం సాగదీయించుకుని పెట్టుకున్నారు. వెనక పట్టీ ఉన్న శాండల్స్‌తో ఆ వారమే పెళ్లికి వెళ్లి వచ్చారు.